పాత ఫోటో కాలం తేల్చాలంటే ముందు జాకెట్టు చేతులు చూడండి, కోటు కాదు

ప్రశ్న: మా ఇంట్లో ముత్తాతల కాలం నాటి గ్రూప్ ఫోటో ఒకటి ఉంది. బాగా వెలిసిపోయింది, వెనక ఏమీ రాసి లేదు. వాళ్ల బట్టలు, ఫోటో తీసిన తీరు చూసి ఏ సంవత్సరం నాటిదో చెప్పొచ్చా? కింద ఏమని రాసి పెట్టాలి?

చెప్పొచ్చు. కానీ బట్టలు, ఫోటో తీరు రెండూ కలిసి చెప్పేది ఒక పదేళ్ల అటూ ఇటూ మాత్రమే. ఒకటి రెండేళ్ల దాకా కుదించాలంటే ఫోటోలో ఉన్న మనుషుల వయసులు, పెళ్లిళ్లు, పురుళ్లు కావాలి. ఈ రెండూ కలిపితేనే పని జరుగుతుంది. మా అమ్మమ్మ వాళ్ల ఫోటో విషయంలో ఇదంతా చేశాను కాబట్టి దాని సంగతే చెబుతాను.

ఫోటోలో ఐదుగురున్నారు. మధ్యలో కుర్చీలో తాతయ్య, పక్క కుర్చీలో అమ్మమ్మ, ఆవిడ ఒళ్లో ఒక పసిబిడ్డ. తాతయ్య మోకాలి దగ్గర నిక్కరు వేసుకున్న ఒక పిల్లాడు. వెనక నిలబడి చిన్నమ్మమ్మ, అంటే అమ్మమ్మ చెల్లెలు. వాళ్ల వెనక తెర మీద స్తంభాలు, మెట్లు, పూలకుండీ గీసి ఉన్నాయి. ఫోటో మొత్తం టీ డికాషన్ రంగుకి తిరిగిపోయింది, మొహాలు మాత్రం లీలగా తెలుస్తాయి. ఇది ఏ సంవత్సరం నాటిదన్న దాని మీద మా ఇళ్లలో ప్రతి ఫంక్షన్‌లోనూ గొడవే. మా బావ ఇది 1930 నాటిదంటాడు. తాతయ్య ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని వచ్చాక ఖద్దరు కట్టుకుని తీయించుకున్నాడట. చిన్నమామయ్యేమో 1958 అంటాడు, ఫ్రేము వెనక ఉన్న పేపరు చూపిస్తాడు.

ముందు చిన్నమామయ్య సంగతి. ఫ్రేము వెనక అట్టకి, ఫోటోకి మధ్య ఓ దినపత్రిక ముక్క మడిచి పెట్టి ఉంది. అందులో ఒక ప్రకటనలో సరుకు ధర నయా పైసల్లో ఉంది. మన దేశంలో నయా పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, 1964 జూన్‌లో ఆ 'నయా' తీసేసి ఉత్త పైసలన్నారు. కాబట్టి ఆ పేపరు ఆ ఏడేళ్లలోపుది. అంతవరకూ నిజమే. కానీ ఆ పేపరు చెప్పేది ఫ్రేము ఎప్పుడు కట్టించారో, అంతే. ఫోటో తీసిన ఇరవై ఏళ్లకి ఫ్రేము కట్టించుకున్న ఇళ్లు ఎన్ని లేవు! పెట్టెలో పడున్న ఫోటోని కొత్తిల్లు కట్టుకున్నాక గోడకెక్కించడం మనవాళ్లకి అలవాటే. కాబట్టి ఫ్రేము వెనక దొరికిన పేపరు చూసి ఎగిరి గంతేయకండి. అలా అని పారేయనూ వద్దు, ఓ కవర్లో పెట్టి ఫోటోతో పాటే దాచండి.

ఫ్రేము విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. వానాకాలాల తేమకి ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంటుంది. అంటుకున్న చోట లాగితే బొమ్మ ఉన్న పొర మొత్తం అద్దంతోనే వచ్చేస్తుంది. మాది ఒక మూల అంటుకుని ఉంది. దాన్ని అలాగే వదిలేసి అద్దంతో పాటే స్కాన్ చేయించాను. తడి గుడ్డ పెట్టి ఊడదీస్తానని ముందుకొచ్చే చుట్టాలు ఉంటారు, వాళ్లకి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టండి.

ఫోటో వెనక వైపు ఏముందో చాలామంది చూడరు. మాది పోస్టుకార్డు కాగితం మీద వేసిన ప్రింటు, మూడున్నర అంగుళాలు ఇంటూ ఐదున్నర. వెనక నడి మధ్యలో నిలువు గీత, కుడివైపు అడ్రసుకి, స్టాంపుకి చోటు. అప్పట్లో స్టూడియోల్లో ఇలాంటి కాగితం మీద ప్రింటు వేసివ్వడం మామూలు. అలా గీతతో రెండు భాగాలు చేసిన కార్డులు ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో వచ్చాయి, అంతకు ముందు వెనక మొత్తం అడ్రసుకే. కాబట్టి ఫోటో పందొమ్మిదో శతాబ్దం నాటిది కాదు. ఇక కాగితం రకం. భూతద్దం పెట్టి చూస్తే కాగితం పీచు కనపడటం లేదు, నున్నగా తెల్లటి పూత ఉంది. గుడ్డు తెల్లసొనతో చేసే పాత అల్బుమిన్ ప్రింట్లలో అయితే పీచు కనిపిస్తుంది. ఏటవాలుగా పట్టుకుంటే అంచుల్లో, నల్లగా ఉన్న చోట్ల నీలి మెరుపు కొట్టింది. అది వెండి పైకి తేలడం. జెలటిన్ పూత మీద వెండితో తయారయ్యే బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లకి వయసొస్తే ఇలా అవుతుంది. ఇది కూడా ఇరవయ్యో శతాబ్దం అనే చెబుతుంది, అంతకు మించి చెప్పదు.

ఫ్రేము అంచు కింద దాగిన పట్టీలో, కుడి మూల, స్టూడియో అచ్చు ఉంది. సిరా కాదు, కాగితాన్ని నొక్కి వేసిన అచ్చు. ఎదురుగా చూస్తే ఏమీ లేదు. గదిలో లైట్లు ఆర్పి, సెల్ టార్చి టేబులుకి దాదాపు ఆనించి పక్క నుంచి వేస్తే అక్షరాలు లేచాయి. స్టూడియో పేరు సగం పోయింది గానీ, ఊరి పేరు ఇంగ్లీషులో 'ఎల్లోర్' అని ఉంది. అంటే మన ఏలూరే, దొరల కాలపు స్పెల్లింగు. అచ్చు దిమ్మ ఒకసారి చేయించుకుంటే పాడయ్యే దాకా వాడతారు కాబట్టి దీని మీద ఎక్కువ బరువు పెట్టలేం. మీ ఫోటో మీద స్టూడియో అడ్రసులో పిన్‌కోడ్ ఉంటే మాత్రం పండగే, పిన్‌కోడ్లు వచ్చింది 1972 ఆగస్టు 15న.

ఇప్పుడు బట్టలు. ఇక్కడ నా అభిప్రాయం గట్టిది, ఎవరేమన్నా మార్చుకోను: మగవాళ్ల బట్టలు చూసి కాలం చెప్పేవాళ్లను నమ్మకండి. పంచె, ఉత్తరీయం ఏ కాలంలోనైనా పంచె, ఉత్తరీయమే. మా బావ చెప్పే ఖద్దరు 1921 నుంచి ఇవాళ్టి దాకా కడుతూనే ఉన్నారు. అసలు వెలిసిపోయిన ఫోటోలో అది ఖద్దరో మిల్లు బట్టో కంటితో తేల్చినవాణ్ణి నేనింకా చూడలేదు. ఇక కోటు. తాతయ్య వేసుకున్న కోటు చూడండి. భుజాల కుట్టు చేతి మీదికి జారింది, చెయ్యి సగం దాకా కఫ్ కప్పేసింది. అది ఆయన కోటు కాదు. స్టూడియోల్లో మేకుకి ఓ కోటు వేలాడుతుండేది. వచ్చిన ప్రతి మగాడూ అదే వేసుకుని దిగేవాడు. చేతి గడియారం, చేతిలో పుస్తకం, బల్ల మీద పూలకుండీ, ఇవన్నీ అక్కడివే కావచ్చు. ఆ కోటు ఎప్పటి ఫ్యాషనో కనుక్కుంటే తెలిసేది స్టూడియో వాడు ఎప్పుడు కొన్నాడన్నది మాత్రమే.

ఆడవాళ్ల జాకెట్టు అలా కాదు. అది ఒంటికి కొలిచి కుట్టించుకున్నది, అరువు తెచ్చుకుంటే పట్టదు. అందులోనూ గుంపులో అందరికంటే వయసులో చిన్నదైన పెళ్లయిన అమ్మాయిని చూడాలి. పెద్దవాళ్లు తమ పడుచు వయసు నాటి పద్ధతినే ముసలితనం దాకా వేసుకుంటారు. మా ఫోటోలో అమ్మమ్మది మోచేతి దాకా ఉన్న సాదా చేతుల జాకెట్టు. అది ఇరవై ఏళ్ల కాలంలో ఎప్పుడైనా కావచ్చు. చిన్నమ్మమ్మది బుట్ట చేతుల జాకెట్టు, భుజం దగ్గర కుచ్చులు పెట్టి బాగా పొంగించి, కింద పట్టీతో బిగించినది. ఈ మోజు మన దగ్గర 1930లు, 40ల్లో జోరుగా నడిచింది. తర్వాత కూడా తిరిగొచ్చింది కాబట్టి బుట్ట చేతులు ఒక్కటే చాలదు. కానీ పోస్టుకార్డు కాగితం, గీసిన తెర, 'ఎల్లోర్' ముద్ర పక్కన పెట్టి చూస్తే ముప్పైలు, నలభైల దగ్గరే నిలబడుతుంది.

చీర రంగు మీద ఇంకో పెద్ద పంచాయితీ. అమ్మమ్మ చీర ఫోటోలో కాటుక నలుపు. మా వదినగారు, "పసిబిడ్డని ఎత్తుకుని నల్లచీరతో ఎవరు దిగుతారండీ, అప్పటికి ఇంట్లో ఏదో అశుభం జరిగుంటుంది" అని ఓ కథ కూడా అల్లేశారు. పెద్దమ్మకి చూపించాను. ఆవిడ కళ్లజోడు పైకెత్తి, ఫోటోని ముక్కు దగ్గరకి తెచ్చుకుని, వేలితో చీర అంచు మీద చిన్న చిన్న గళ్లు తడిమినట్టు చేసి, "ఒరేయ్, ఇది నల్లచీరేంట్రా, మా అమ్మ మిరపపండు రంగు పట్టుచీర. పెట్టెలో కలరా ఉండల మధ్య ఉండేది, నా పెళ్లికి కూడా కట్టుకుంది" అంది. అదీ సంగతి. ఆ రోజుల్లో ఫోటో తీయడానికి ఎక్కువగా వాడిన గాజు ప్లేట్లకి ఎరుపు రంగు తెలీదు. ఎర్రనిది ఏదైనా నల్లగా పడేది. కుంకుమ బొట్టు నల్లటి చుక్క అయ్యేది, మనుషులు ఉన్నదానికంటే చామనఛాయగా కనిపించేవాళ్లు. నీలం రంగేమో తేలిపోయి తెల్లగా వచ్చేది. అందుకే పాత ఫోటోలకి రంగులద్దించి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఎర్రచీరకి నల్ల రంగు వేసి "వావ్ అమ్మమ్మ" అని కింద హృదయాలు పెడతారు.

ఇక వెలిసిపోవడం. సామాన్యంగా కారణం ప్రింటు కడగడంలో బద్ధకం. బొమ్మ నిలబెట్టడానికి వాడే హైపో అనే మందు నీళ్లలో బాగా కడిగి వదిలించాలి. మిగిలిపోతే ఏళ్ల తరబడి వెండిని తింటూ పసుపు పచ్చగా మారుస్తుంది. బొమ్మ పోయిందనుకుంటాం గానీ చాలాసార్లు పూర్తిగా పోదు, పసుపులోకి దాక్కుంటుంది. దాన్ని బయటికి లాగడానికి ఒక ఉపాయముంది. స్కాన్ చేయించేటప్పుడు "బ్లాక్ అండ్ వైట్ ఫోటోనే కదా" అని షాపువాడు గ్రే మోడ్‌లో పెడతాడు, ఒప్పుకోకండి. రంగులోనే, 600 డీపీఐ తక్కువ కాకుండా, టిఫ్ ఫైలుగా తీయమనండి. తర్వాత జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి `Colors > Components > Decompose` కి వెళ్లి ఆర్‌జీబీ ఎంచుకుంటే ఫోటో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుగా విడిపోతుంది. పసుపు నీలి వెలుతురుని పీల్చుకుంటుంది కాబట్టి, పసుపెక్కిన బొమ్మ నీలం పొరలో ముదురుగా తేలుతుంది. టీ మరక, తేమ మరక లాంటివి ఇబ్బంది పెడితే ఎరుపు పొర చూడండి, అక్కడ మరక పలచబడుతుంది. సెల్‌ఫోన్‌తో ట్యూబ్‌లైట్ కింద ఫోటోకి ఫోటో తీసి, దాన్ని వాట్సాప్‌లో పంపించి, "ఏమీ కనపడట్లేదు" అంటే ఎలా కనపడుతుంది?

మా ఫోటో నీలం పొరలో చిన్నమ్మమ్మ మెడలో సన్నటి గొలుసు కింద రెండు చిన్న గుండ్రటి బిళ్లలు తేలాయి. పుస్తెలు. మామూలుగా చూస్తే అక్కడ పసుపు మచ్చ తప్ప ఏమీ లేదు. ఇంకోటి, పసిబిడ్డ తల. కుచ్చుల గౌను, చేతులకి గాజులు ఉన్నాయి గానీ తల మీద జుట్టు లేదు, నున్నగా గుండు. ఈ రెండిటితో ఏళ్లు కుదించడం మొదలైంది.

చిన్నమ్మమ్మ పెళ్లి శుభలేఖ ఇప్పటికీ ఉంది. అందులో ఇంగ్లీషు సంవత్సరం లేదు, "ఈశ్వర నామ సంవత్సర వైశాఖ" అని ఉంది. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి ఈశ్వర 1877లోనూ ఉంది, 1937లోనూ ఉంది, 1997లోనూ ఉంది. మనకి పనికొచ్చేది 1937 ఒక్కటే. వైశాఖం అంటే ఆ ఏడు వేసవి. మెడలో పుస్తెలున్నాయి కాబట్టి ఫోటో ఆ తర్వాతిది. దీంతో మా బావ ఉప్పు సత్యాగ్రహం కొట్టుకుపోయింది. అసలు నిక్కరు పిల్లాడు పెద్దమామయ్య అయితే, స్కూలు సర్టిఫికెట్ ప్రకారం ఆయన పుట్టిందే 1934లో. స్కూల్లో చేర్పించేటప్పుడు మాస్టార్లు వేసిన పుట్టినరోజుల్ని ఏడాది రెండేళ్లు అటూ ఇటూ లాగి చూడాలి, అది వేరే సంగతి. ఎంత లాగినా 1930కి నిక్కరు వేసుకుని నిలబడడు.

ఒళ్లో బిడ్డ పెద్దమ్మ అయ్యుండాలి. ఆవిడ జాతకం కాగితంలో "బహుధాన్య నామ సంవత్సర శ్రావణ" అని రాసుంది. బహుధాన్య ఈశ్వర తర్వాతి ఏడు, కాబట్టి 1938 వానాకాలం. ఫోటోలో బిడ్డ నిటారుగా కూర్చుంది గానీ అమ్మమ్మ చెయ్యి నడుము చుట్టూ ఉంది. అంటే ఏడాదికి దగ్గర పడుతున్న వయసు. గుండు పుట్టువెంట్రుకలు తీయించినందుకు. మా అమ్మమ్మ వాళ్లకి ఆ మొక్కు ద్వారకా తిరుమలలో, చిన్న తిరుపతి అంటాం, అక్కడ చెల్లించడం ఆనవాయితీ. వచ్చే దారిలో ఏలూరు. ఇవన్నీ జోడిస్తే 1939 మొదటి ఆరేడు నెలల్లో ఎప్పుడో, గుడి నుంచి తిరిగొస్తూ ఏలూరులో దిగి స్టూడియోకి వెళ్లారనిపిస్తుంది. 1941లో పుట్టిన మా అమ్మ ఫోటోలో లేకపోవడం దీనికి సరిపోతుంది. కానీ ఒకటి గుర్తుంచుకోండి, ఫోటోలో లేనంత మాత్రాన పుట్టలేదని కాదు. జ్వరమొచ్చి ఇంట్లో పడుకోబెట్టిన పిల్లలు, ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని దాచేసిన పిల్లలు ఎందరో ఉండేవాళ్లు. కాబట్టి లేని మనిషిని సాక్ష్యంగా చివర్లోనే వాడాలి.

పసిబిడ్డ పెద్దమ్మేనా అన్నది ఈ లెక్కలో బలహీనమైన చోటు. గౌను, గాజులు చూసి ఆడపిల్ల అనుకోకూడదు, మగపిల్లలకి కూడా అప్పట్లో అవన్నీ వేసేవాళ్లు. ప్రతి ఇంట్లోనూ పసితనంలో పోయిన బిడ్డలు ఉంటారు, వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు, కానీ ఫోటోలో ఉంటారు. అందుకే "మీకెంతమంది పిల్లలు" అని కాకుండా "ఎన్ని కాన్పులు" అని అడగాలి. పెద్దమ్మనే అడిగాను. తనకి, పెద్దమామయ్యకి మధ్య ఒక బిడ్డ ఉండేదని, చిన్నమ్మమ్మ పెళ్లికి ముందే పోయిందని అమ్మమ్మ చెప్పేదట. పుస్తెలు అప్పటికే మెడలో ఉన్నాయి కాబట్టి ఆ బిడ్డ కాదు.

ఇప్పుడు కింద రాసే సంగతి. మనవాళ్లు "తాతయ్య, అమ్మమ్మ, పిల్లలు" అని రాసి చేతులు దులుపుకుంటారు. ఎవరికి తాతయ్య? ఇంకో తరానికి ఆ మాటకి అర్థముండదు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాయాలి, ఆడవాళ్లకి పుట్టింటి ఇంటిపేరు కూడా. ఏ వైపు నుంచి మొదలుపెట్టారో చెప్పాలి. తెలిసినదీ ఊహించినదీ కలిపేయకూడదు. తేదీ ఎలా తేలిందో ఒక్క వాక్యం ఉండాలి, రేపు ఎవరికైనా కొత్త కాగితం దొరికితే సరిచేసుకుంటారు. పేర్లు తీసేసి, మాది ఇలా ఉంది:

"చూసేవారి ఎడమ నుంచి, కూర్చున్నవారు: తాతయ్య (పూర్తి పేరు), అమ్మమ్మ (పూర్తి పేరు, పుట్టింటి ఇంటిపేరు), ఒళ్లో పెద్దమ్మ (పేరు) కావచ్చు. తాతయ్య మోకాలి దగ్గర నిలబడినది పెద్దమామయ్య (పేరు). వెనక నిలబడినది చిన్నమ్మమ్మ (పేరు). ఏలూరు స్టూడియోలో తీసినది, మూల ముద్ర ఉంది. సుమారు 1939. ఆధారం: చిన్నమ్మమ్మ మెడలో పుస్తెలు (పెళ్లి 1937 వేసవి), పెద్దమ్మ పుట్టుక 1938. ద్వారకా తిరుమల మొక్కు తర్వాత తీసినదని ఊహ. చీర ఎర్రటిదని పెద్దమ్మ చెప్పింది. ఫ్రేము 1957 తర్వాత కట్టించినది."

దాని కింద రాసినవాడి పేరు, రాసిన తేదీ. 'సుమారు' అన్న మాటని మా బావ ఒప్పుకోడు. "ఏదో ఒకటి ఖాయంగా రాయి, లేకపోతే రాయకు" అంటాడు. గుళ్లో శిలాఫలకం అనుకుంటున్నాడు.

ఇదంతా ఫోటో మీద రాయకండి. బాల్‌పెన్ను ఒత్తుకి అవతలి వైపు గీతలు లేస్తాయి, జెల్ పెన్ను సిరా పక్క ఫోటోకి అంటుతుంది. వెనక వైపు అంచున మెత్తటి పెన్సిల్‌తో, 2బి గానీ 4బి గానీ, ఫోటోని గట్టి బల్ల మీద బోర్లించి, తేలిగ్గా పేర్లు, సంవత్సరం మాత్రం రాయండి. మిగతాది విడి కాగితం మీద రాసి అదే కవర్లో పెట్టండి. డెబ్బైల తర్వాతి ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిల్ పట్టదు, వాటికి కవరు మీదే రాయాలి. లామినేషన్ మాత్రం చేయించకండి, ఆ వేడికి, జిగురుకి అంటుకుంటే ఇక విడదీయలేరు. షాపువాళ్లు "గట్టిగా ఉంటుంది సార్" అంటారు.

మీ ఫోటో సంగతికొస్తే, ఎంతమందున్నారో, వాళ్లలో వయసులో చిన్నావిడ జాకెట్టు చేతులు ఎలా ఉన్నాయో రాయండి. పొడవు, వెడల్పు స్కేలుతో కొలిచి చెప్పండి. వెనక వైపు కూడా స్కాన్ చేసి పెట్టండి, ఖాళీగా ఉన్నా సరే. ఇంట్లో పాత శుభలేఖలు, జాతకాలు ఉంటే వాటిలో సంవత్సరం పేర్లు ఏమున్నాయో చూడండి. అప్పుడు చెబుతాను.